గుండోడి నడక కోసం అమ్మమ్మ వెంట పది రోజులు (చిన్న కథ, చదివి మీ మాట చెప్పండి)

సున్నపుగీత | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో యానిమేషన్ మూడో ఏడు చదువుతున్నాను. కథలా రాశాను గానీ ఇందులో కల్పించిందేమీ లేదు. చివర్లో ఒక చిక్కు మిగిలిపోయింది, దాని కోసమే ఇక్కడ పెడుతున్నా.

గుండోడంటే మా చిన్న సినిమాలో రాతిమనిషి. మా ఊరి చుట్టూ గుండు మీద గుండు నిలబడి ఉంటాయి కదా, అలాంటి గుట్ట ఒకటి పొద్దున్నే తనని పేల్చేస్తారని తెలిసి రాత్రికి రాత్రి లేచి నడిచిపోతుంది. మూడు మీటర్ల ఎత్తు మనిషి. ఎనిమిది సెకన్ల షాటు. అటునుంచి ఇటు నడవాలి, అంతే.

మొదట అడుగుకి 12 ఫ్రేములు పెట్టాను. సార్ చూసి, "గాలి ఊదిన బొమ్మమ్మా ఇది" అన్నారు. సరే, బరువంటే నెమ్మది కదా అని అదే నడకని సాగదీసి అడుగుకి 24 చేశాను. ఈసారి మెడలోతు చెరువులో నడుస్తున్నట్టు వచ్చింది. నెమ్మది వచ్చింది, బరువు రాలేదు. అప్పటికి సెలవులిచ్చారు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లిపోయాను.

అమ్మమ్మకి డెబ్భై నాలుగేళ్లు. ఒళ్లున్న మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వంటింట్లోంచి పెరట్లో పంపు దాకా పదిహేనడుగులు ఉంటుందేమో, ఆ దూరం ఆమె నడిచేటప్పుడు ఇల్లంతా ఆమె కోసం ఆగినట్టుంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్న నడకే. ఆ రోజు మాత్రం గుండోడు కనపడ్డాడు.

"అమ్మమ్మా, నీ నడక వీడియో తీసుకుంటానే" అన్నాను. లోపలికెళ్లి చీర మార్చుకొచ్చింది. కొంగు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, పెళ్లిలో తాంబూలం అందుకోడానికి వెళ్తున్నట్టు నడిచింది. పంపు దగ్గరికి చేరేసరికి ఆయాసం. ఆ వీడియో ఎందుకూ పనికిరాలేదు. మర్నాటి నుంచి ఫోను కిటికీలో పెట్టి వదిలేశాను. ఉందని చెప్పాను, ఎప్పుడు తీస్తున్నదీ చెప్పలేదు. మూడో రోజుకి ఆమె ఫోను సంగతే మర్చిపోయింది.

రాత్రిళ్లు ఫ్రేము ఫ్రేముకీ ఆపుకుంటూ లెక్కపెట్టాను. ఒక అడుగు పడ్డాక ఇంకో అడుగు పడటానికి 27 ఫ్రేములు. అందులో 11 ఫ్రేములు రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. కాలు గాల్లో ఉన్నది 16 మాత్రమే. నా నడక కూడా తీసి చూసుకున్నాను. నాకు కాలు గాల్లో ఉండేది 12. అంటే గాల్లో మా ఇద్దరికీ తేడా నాలుగే ఫ్రేములు. కానీ రెండు పాదాలూ ఆనేది నాకు మూడైతే ఆమెకి పదకొండు. ఆమె నెమ్మదంతా అక్కడుంది. ముందు పాదం ఆనించాక వెంటనే వెనక కాలు ఎత్తదు. నడుము మెల్లగా ముందు కాలి మీదికి చేరుతుంది. పూర్తిగా చేరిందని ఒంటికి నమ్మకం కుదిరాకే వెనక మడమ లేస్తుంది. నేను 24 ఫ్రేముల నడకలో చేసిన తప్పు అప్పుడర్థమైంది. ఆగాల్సిన చోటా, కదలాల్సిన చోటా ఒకే లెక్కన సాగదీశాను.

ఆ 27, ఆ 11, ఆ 16 యథాతథంగా గుండోడికి పెట్టాను. ల్యాప్‌టాప్ తెచ్చి అమ్మమ్మకి చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చూసింది.

"వీడికి మోకాళ్లు నొప్పా ఏవే?"

"కాదే, బరువు. రాయి కదా."

"బరువైతే ఇట్టా ఎందుకు నడుస్తాడు? కింద పడతానని భయం ఉన్నోడిలా ఉన్నాడు. నేను నిండు బిందె చంకనేసుకుని వచ్చేదాన్ని చూడు, అది బరువు."

"ఇప్పుడు ఎత్తుతావా?"

"ఇప్పుడెక్కడ. మీ అమ్మ నడుగు, చూసింది."

అక్కడితో కథ అయిపోయింది. నా చిక్కు ఇదీ: ఈ నడకలో ముసలితనం ఎంత, నొప్పి ఎంత, బరువు ఎంత? మొదటి రెండూ తీసేసి మూడోది మాత్రం ఉంచుకోవడం ఎలా?

---

పాతరీలు | శనివారం, రాత్రి 11:15

బాగా రాశావమ్మా. రెండు పాదాలూ ఆని ఉన్న ఫ్రేములు విడిగా లెక్కపెట్టావు చూడు, నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, కొత్తగా వచ్చే పిల్లల్లో ఆ పని చేసినవాళ్లు తక్కువ.

ముందు ఒక చిన్న సంగతి. ఫోను వీడియో ఎంతలో తీశావు? మామూలుగా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి. నీ సినిమా 24 కదా? అలాగైతే 27 ఫ్రేములంటే అమ్మమ్మ అడుగు 0.9 సెకను. నువ్వు అదే 27ని 24 మీద పెడితే ఒక సెకను దాటిపోతుంది. ఉన్నదాని కంటే పాతిక శాతం నెమ్మది చేశావన్నమాట. 24లో ఆమె అడుగు 22 ఫ్రేములు. రెండు పాదాలూ ఆనేది 9, గాల్లో 13. అమ్మమ్మకి గుండోడు రోగిష్టిలా కనపడటంలో ఈ తప్పుకి కొంత వాటా ఉంది.

ఇక అసలు సంగతి. గాల్లో ఉన్న కాలు ఎన్ని ఫ్రేములు లేచింది, ఎన్ని ఫ్రేముల్లో దిగింది? ఆ రెండు అంకెలు చెప్పు.

---

సున్నపుగీత | శనివారం, రాత్రి 11:32

అయ్యో, 30లోనే తీశాను సార్. ఇప్పుడే వీడియో వివరాలు చూశాను. ఆ ఆలోచనే రాలేదు.

గుండోడికి కాలు పైకి 8, కిందికి 8 పెట్టాను. అమ్మమ్మ పాదం అసలు పెద్దగా లేవదు, నేలని రాసుకుంటూ పోతుంది. అందుకని అది ఆమె దగ్గర దొరకలేదు, నేనే సమానంగా పంచాను.

---

పాతరీలు | ఆదివారం, ఉదయం 7:05

మీ సార్ అన్న గాలి ఊదిన బొమ్మ అక్కడుంది. ఎంత బరువున్న రాయైనా కింద పడేటప్పుడు నెమ్మదిగా పడదు. నీ గుండోడు మూడు మీటర్లవాడు, కాలు ఒక 20 సెంటీమీటర్లు ఎత్తాడనుకో. అంత ఎత్తునుంచి ఏ వస్తువు వదిలినా సెకనులో ఐదో వంతులో నేలకి చేరుతుంది. 24 లెక్కన ఐదు ఫ్రేములు. నువ్వు ఎనిమిదిచ్చావు. అంటే ఆ పాదాన్ని ఎవరో పట్టుకుని మెల్లగా దించుతున్నారు. చూసేవాడు లెక్క కట్టడు, కానీ వాడి కన్ను పుట్టినప్పటినుంచీ వస్తువులు పడటం చూస్తోంది. ఆ మూడు ఫ్రేముల తేడా దాని దగ్గర దాగదు.

ఎత్తడంలో ఎంత ఆలస్యం కావాలో అంతా పెట్టుకో. దించడంలో మాత్రం ఆలస్యం ఇవ్వకు. నడుమూ అంతే. పాదం ఆనగానే నడుము కిందికి కుంగేది త్వరగా అయిపోవాలి, అక్కడినుంచి పైకి లేవడానికే సమయం పట్టాలి. మొదటి 12 ఫ్రేముల నడకలో నడుము నాలుగో ఫ్రేముకి కుంగి ఉంటుంది. సాగదీసి 24 చేసినప్పుడు అది ఎనిమిదికి జరిగింది. చెరువు నీళ్లు అక్కడినుంచి వచ్చాయి.

---

భారీబొమ్మలు | ఆదివారం, ఉదయం 9:20

నాకు తెలిసినంతవరకు ఇంత లెక్క అక్కర్లేదండీ. ఎంత బరువుంటే అన్ని ఫ్రేములు, అంతే సూత్రం. అమ్మమ్మ 80 కిలోలకి 22 ఫ్రేములైతే రాతిమనిషి టన్నుల బరువు, కనీసం 50 పెట్టాలి. నేను చేసిన మొబైల్ గేములో రాక్షసుడికి 48 పెట్టాను, బాగానే ఉందన్నారు.

---

లోలకం_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:02

భారీబొమ్మలు గారూ, సగం నిజం చెప్పారు. పెద్దవాడు నెమ్మదిగా నడుస్తాడు, అది నిజమే. కారణం మాత్రం బరువు కాదు, పొడుగు. గాల్లో ఊగే కాలు లోలకం లాంటిది. ఇనుప గుండు కట్టినా చెక్క గుండు కట్టినా ఒకే పొడుగు తాడుకి ఒకే సమయం పడుతుంది, ఇంటర్లో అందరం చేసిన ప్రయోగమే. పొడుగు నాలుగింతలైతే సమయం రెండింతలవుతుంది. గుండోడు అమ్మమ్మకి రెండింతల పొడుగు అనుకుంటే సమయం 1.4 రెట్లు. 22ని 1.4తో గుణిస్తే 31 వస్తుంది. నా ఓటు 31కి.

మీ రాక్షసుడికి 48 కుదిరిందంటే ఆయన బాగా పొడుగై ఉంటాడు.

---

పాతరీలు | ఆదివారం, ఉదయం 10:40

మాస్టారూ, లోలకం మాట ఒప్పుకుంటాను, 31 ఒప్పుకోను. అమ్మమ్మ 22 ఆమె కాలి పొడుగువల్ల రాలేదు, ఆమె మోకాళ్లవల్ల వచ్చింది. దాన్ని 1.4తో గుణిస్తే నొప్పిని కూడా గుణించినట్టే. ఆరోగ్యంగా ఉన్న మనిషి అడుగు 12 నుంచి మొదలెడితే మూడు మీటర్లవాడికి 17 వస్తుంది. 17కీ 31కీ మధ్య ఎక్కడో గుండోడున్నాడు. ఎక్కడో నేను చెప్పలేను. అది ఆడించి చూసుకోవాల్సిందే.

---

శారద_నర్సరావుపేట | ఆదివారం, మధ్యాహ్నం 12:15

పాపా, మీ అమ్మమ్మ గారి గురించి చదివితే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకీ మోకాళ్లే. రాత్రి పడుకునేముందు ఆవనూనె గోరువెచ్చగా చేసి రాస్తున్నాం, కొంచెం హాయిగా ఉంటుందంటారు. మెట్లు మాత్రం ఎక్కనివ్వకండి. వీడియో డాక్టర్‌కి చూపించడానికేనా తీశారు? ఏ డాక్టరో చెబితే మేమూ వెళ్తాం.

---

సున్నపుగీత | ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఆంటీ, వీడియో నా బొమ్మల సినిమా కోసం తీశాను, డాక్టర్ కోసం కాదు. కానీ నూనె సంగతి అమ్మమ్మకి చెప్పాను. "ఆవనూనె వాసన నాకు పడదు, నువ్వులనూనె అయితే రాయి" అంది. ఇవాళ రాత్రి రాస్తాను.

---

ఫిజియో_రాజమండ్రి | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నడకలు చూడటం నా రోజువారీ పని కాబట్టి ఒక మాట. మీ చిక్కులో నొప్పి భాగాన్ని విడదీయడానికి దారి ఉంది.

ఎదురునుంచి తీసిన వీడియో ఉంటే కుడి అడుగూ ఎడమ అడుగూ విడివిడిగా లెక్కపెట్టండి. మోకాళ్లు రెండూ అరిగినా రెండూ ఒకేలా నొప్పెట్టడం అరుదు. ఎక్కువ నొప్పి ఉన్న కాలి మీద మనిషి తక్కువసేపు నిలబడతాడు, గబుక్కున రెండో కాలి మీదికి దిగిపోతాడు. మీరు 27 అని ఒకే అంకె ఇచ్చారు. అది సగటా, ఒక అడుగుదా?

రెండోది, భుజాలు చూడండి. మోకాలు లోపలివైపు అరిగినవాళ్లు నొప్పి ఉన్న కాలి మీద నిలబడ్డప్పుడు పై ఒళ్లు అటువైపు వాలుస్తారు. అలా వాలితే కీలు మీద భారం కొంత తగ్గుతుంది. అందుకే పడవలా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. దూరంనుంచి చూస్తే ఒళ్లున్న మనిషి ఊగుడూ ఇదీ ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడంటే, నొప్పి ఉన్నవాళ్లకి భుజాలు ముందు కదులుతాయి. బరువు మాత్రమే ఉన్నవాళ్లకి నడుము ముందు కదిలి, భుజాలు దాని వెనక వస్తాయి.

ఇంకో మాట, కథకి సంబంధం లేదు. అమ్మమ్మ గారు చేతికర్ర వాడుతుంటే ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి ఎదురువైపు చేతిలో పట్టుకోమనండి. అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. అలా పట్టుకుంటే కర్ర వల్ల రావాల్సిన సాయం సరిగా రాదు.

---

సున్నపుగీత | ఆదివారం, సాయంత్రం 5:10

ఇప్పుడే మళ్లీ లెక్కపెట్టాను. మీరు చెప్పిందే నిజం. ఎడమ కాలి మీద నిలబడి కుడి అడుగు వేసేటప్పుడు 29, కుడి కాలి మీద నిలబడి ఎడమ అడుగు వేసేటప్పుడు 25. నేను సగటు తీసి 27 అన్నాను. అంటే కుడి మోకాలే ఎక్కువ నొప్పి. అమ్మమ్మని అడిగితే, "అవును, కుడిదే. ఎవరు చెప్పారు నీకు?" అంది. ఇన్నేళ్లలో ఏ కాలని నేనెప్పుడూ అడగలేదు.

కర్ర కుడిచేతిలోనే పట్టుకుంటోంది. ఎడమచేతికి మార్పించాను, రెండడుగులు వేసి మళ్లీ కుడిచేతికి మార్చేసుకుంది. రేపు మళ్లీ చెబుతా.

భుజాలే ముందు కదులుతున్నాయి. గుండోడికి కూడా నేను భుజాలే ముందు కదిలించాను, ఆమెని చూసి.

---

మూటబిడ్డ | ఆదివారం, రాత్రి 8:45

అక్కా, నాకు యానిమేషన్ రాదు. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మీ అమ్మమ్మ బిందె మాట చదివి రాస్తున్నా. ఇక్కడ అందరూ బరువంటే నెమ్మది అనే మాట్లాడుతున్నారు. మా నాన్న టిక్కీ, అంటే మిర్చి మూట, వీపు మీదికెత్తుకుంటే నెమ్మదిగా నడవడు. అది నలభై కిలోల పైన ఉంటుంది. ఎత్తుకోవడానికి ముందు నిలబడి ఒక ఊపిరి తీసుకుంటాడు, వీపు మీద పడ్డాక మోకాళ్లు కొంచెం కుంగి సర్దుకుంటాయి, ఇక అక్కడినుంచి చిన్న చిన్న అడుగులతో గబగబా వెళ్లిపోతాడు. మోకాళ్లు పూర్తిగా చాపడు, అందుకని తల ఎత్తూ పల్లం కాకుండా ఒకే గీత మీద పోతుంది. నెమ్మదిగా నడిస్తే ఆ బరువు అంత ఎక్కువసేపు మోయాలి కదా, ఎవరు మోస్తారు అంటాడు.

మీ అమ్మమ్మ నిండు బిందె తెచ్చినప్పుడు కూడా త్వరగానే వచ్చుంటుంది. మీ అమ్మని అడగండి.

---

సున్నపుగీత | ఆదివారం, రాత్రి 9:30

తమ్ముడూ, అమ్మకి ఫోన్ చేశాను. నువ్వన్నది అక్షరాలా నిజం. "బిందెతో వచ్చేటప్పుడు దారిలో ఎవరు పలకరించినా ఆగేది కాదు, ఖాళీ బిందెతో వెళ్లేటప్పుడే కబుర్లన్నీ" అంది అమ్మ. రెండో చెయ్యి బారుగా పక్కకి చాపి ఉండేదట. ఒళ్లు బిందెకి ఎదురువైపు వాలి ఉండేదట.

---

పాతరీలు | ఆదివారం, రాత్రి 10:20

మూటబిడ్డా, ఇంత మంచి మాట ఈ మధ్య ఎవరూ చెప్పలేదు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మీ నాన్నగారిది మీద పడిన బరువు, దించేసే బరువు. గుండోడికి దించుకోడానికి లేదు, వాడే ఆ బరువు. వాడు పరుగుపెట్టినట్టు వెళ్తే మళ్లీ బొమ్మలా తేలిపోతాడేమోనని నా అనుమానం. కానీ మోకాళ్లు పూర్తిగా చాపకపోవడం, ఎత్తేముందు ఒక్క ఊపిరి ఆగడం, ఇవి రెండూ వాడికి పెట్టాలి. ఎనిమిది సెకన్లలో మొదటి అడుగుకి ముందు ఆ ఆగడం చూపిస్తే మిగతా అడుగులన్నిటికీ బరువు దానివల్లే వస్తుంది.

---

గజశాల | సోమవారం, ఉదయం 8:00

నేను ఒకసారి ఏనుగు నడక చేశాను. గుడి దగ్గర ఏనుగుని వారం రోజులు చూశాను. అడుగు పడితే నేల అదిరిపోవాలని, కెమెరా ఊగాలని, దుమ్ము లేవాలని అనుకున్నాను. ఏనుగు నా వెనకకి వచ్చి నిలబడినా నాకు తెలియలేదు. దాని మడమ కింద మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది, పాదం ఆనాక వెడల్పుగా పరుచుకుంటుంది. చప్పుడే ఉండదు. పాదం ఐదు ఫ్రేముల్లో పడాలని పాతరీలు గారన్నది రాయికి సరే, మాంసమున్న జంతువుకి సరిపోదు. ఏనుగు తన కాలిని పడనివ్వదు, దించుతుంది.

---

పాతరీలు | సోమవారం, ఉదయం 9:15

నిజమే, ఒప్పుకుంటున్నాను. నేను రాయిని దృష్టిలో పెట్టుకుని చెప్పాను. రాయి కింద దిండు లేదు.

---

సున్నపుగీత | బుధవారం, రాత్రి 11:50

మూడు రోజులు కూర్చుని మళ్లీ చేశాను. కుడి ఎడమ అడుగులు సమానం చేశాను. నడుము ముందు కదిలి, మూడు ఫ్రేముల తర్వాత భుజాలు వస్తున్నాయి. అడుగుకి 26 ఫ్రేములు పెట్టాను. 17 కూడా ఆడించి చూశాను, మామూలు మనిషి రాయి వేషం వేసుకున్నట్టుంది. 31లో మళ్లీ మోకాళ్ల నొప్పి వచ్చింది.

26లో ఒకటో ఫ్రేముకి పాదం ఆనుతుంది, ఐదుకి నడుము పూర్తిగా కుంగుతుంది. పది దాకా రెండు పాదాలూ నేల మీదే. పదకొండుకి వెనక కాలు లేస్తుంది, ఇరవై ఒకటి దాకా ఎక్కుతూ ముందుకొస్తుంది, ఆ తర్వాత ఐదే ఫ్రేముల్లో పడిపోతుంది. `Graph Editor`లో నడుము గీత ఇదివరకు గుండ్రటి అలలా ఉండేది. ఇప్పుడు ఒకవైపు గోడలా దిగి, ఇంకోవైపు మెల్లగా ఎక్కే గుట్టలా ఉంది. మొదటి అడుగుకి ముందు పది ఫ్రేములు ఊపిరి పీల్చినట్టు ఆగుతాడు. ఏడడుగులతో ఎనిమిది సెకన్లు సరిపోయాయి.

అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "ఆ, ఇప్పుడు వీడు ఎక్కడికో పని మీద పోతున్నాడు" అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

తర్వాతి షాటు దగ్గర ఆగిపోయాను. గుండోడు క్వారీ కంచె దాటాలి, మోకాలెత్తు గోడ అది. అమ్మమ్మ గడప దాటే వీడియో చూశాను. గడప ముందు ఆగి, ఎడమచేత్తో తలుపు చట్రం పట్టుకుని, ముందు నొప్పి లేని కాలు దాటించి, ఆ తర్వాత రెండోది ఈడుస్తుంది. పట్టుకున్న చెయ్యి బిగిసేదాకా కాలు కదలదు. గుండోడి పక్కన పట్టుకోడానికి ఏమీ లేదు.

---

మూటబిడ్డ | గురువారం, ఉదయం 6:30

అక్కా, లారీలోకి పెట్టిన పలక మీదికెక్కేటప్పుడు మా నాన్న దేన్నీ పట్టుకోడు. రెండు చేతులూ మూట మీదే ఉంటాయి. పలకకి ఒక అడుగు ముందు ఆగడు కూడా, అక్కడ కొంచెం వేగం పెంచుతాడు. రేపు యార్డుకి వెళ్లి అడిగి, కాళ్లు ఎలా పెడుతున్నాడో పక్కనుంచి వీడియో తీసి పంపిస్తాను. నా ఫోన్లో 24 పెట్టడం ఎక్కడుందో చెప్పండి.